శూన్యంలో E తరంగ సమీకరణం: నాలుగిట్లో మూడే వాడాను, ∇·B = 0 ఎక్కడికి పోయింది?

శ్రావణి_బీఎస్సీ

అందరికీ నమస్తే. శూన్యంలో విద్యుత్ క్షేత్రానికి తరంగ సమీకరణం రాబట్టడం నాకు వచ్చింది, లెక్కలో ఇబ్బంది లేదు. నా అనుమానం వేరు. ముందు నేను చేసింది పెడతాను.

ఛార్జి లేదు, కరెంటు లేదు కాబట్టి నాలుగు సమీకరణాలు ఇలా ఉంటాయి:

∇·E = 0
∇·B = 0
∇×E = −∂B/∂t
∇×B = μ₀ε₀ ∂E/∂t

ఫారడే సమీకరణానికి రెండు వైపులా మళ్ళీ కర్ల్ తీశాను. కుడివైపు కర్ల్‌ని కాలానికి సంబంధించిన డెరివేటివ్ లోపలికి పంపితే ∇×B వస్తుంది. దాని స్థానంలో ఆంపియర్–మాక్స్‌వెల్ సమీకరణం నుంచి తెచ్చి పెట్టాను:

∇×(∇×E) = −∂(∇×B)/∂t = −μ₀ε₀ ∂²E/∂t²

ఎడమవైపుని వెక్టర్ ఐడెంటిటీతో విడగొడితే ∇(∇·E) − ∇²E. అందులో ∇·E సున్నా. రెండు వైపులా మైనస్ పోయి

∇²E = μ₀ε₀ ∂²E/∂t²

అయిపోయింది. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఫారడే వాడాను, ఆంపియర్–మాక్స్‌వెల్ వాడాను, ∇·E = 0 వాడాను. ∇·B = 0 ని ఎక్కడా ముట్టుకోలేదు. మా క్లాసులో అడిగితే "అది B కి తరంగ సమీకరణం రాబట్టేటప్పుడు వాడతాం" అన్నారు. సరే, కానీ E విషయంలో ఆ సమీకరణం లేకపోయినా ఏమీ తేడా రాదా? ∇·B సున్నా కాని లోకంలో కూడా E ఇదే తరంగ సమీకరణాన్ని పాటిస్తుందా?

ఎగ్జామ్_వారియర్

శ్రావణి గారూ, మీ డెరివేషన్ కరెక్టే. నాలుగూ మొదట రాసేయండి, వాడినా వాడకపోయినా. వాటికే సగం మార్కులు పడతాయి. చివర్లో c = 1/√(μ₀ε₀) అని బాక్స్ కట్టడం మర్చిపోకండి. ఐడెంటిటీని ప్రూవ్ చేయమని ఇంతవరకు ఏ పేపర్లోనూ చూడలేదు, టెన్షన్ పడకండి.

శ్రావణి_బీఎస్సీ

థాంక్స్ అన్నా, కానీ నేను మార్కుల గురించి అడగలేదు :)

తెనాలి_తమ్ముడు

దీనికి జవాబు తేలిక. ∇·B = 0 అన్నది అసలు విడి సమీకరణమే కాదు. ఫారడేకి డైవర్జెన్స్ తీసి చూడండి. కర్ల్‌కి డైవర్జెన్స్ ఎప్పుడూ సున్నా కాబట్టి ఎడమవైపు పోతుంది, కుడివైపు ∇·B సున్నా అని వచ్చేస్తుంది. అంటే ఫారడే వాడితే దాన్ని కూడా వాడినట్టే. నాలుగు సమీకరణాలని అలవాటుగా అంటారు గానీ నిజానికి ఉన్నవి రెండే. ∇·E = 0 కూడా ఇలాగే ఆంపియర్–మాక్స్‌వెల్ నుంచి వస్తుంది.

రిటైర్డ్_రీడర్

తమ్ముడూ, దారి సరైనదే పట్టావు గానీ ఒక అడుగు దూకేశావు. ఫారడేకి డైవర్జెన్స్ తీస్తే వచ్చేది ఇది:

∂(∇·B)/∂t = 0

∇·B సున్నా అని ఇది చెప్పడం లేదు, కాలంతో మారదు అని మాత్రమే చెబుతోంది. ఒకచోట నిన్న ఎంత ఉందో ఇవాళా అంతే ఉంటుంది. నిన్న సున్నా అయితే ఇవాళా సున్నా. నిన్న ఏడు అయితే ఇవాళా ఏడే. ఆ "నిన్న ఎంత" అన్నది ఫారడే చెప్పదు. దాన్ని చెప్పడానికే నాలుగో సమీకరణం ఉంది.

శ్రావణి అమ్మా, నువ్వు అడిగినది మంచి చోట అడిగావు. E కి తరంగ సమీకరణం రావడానికి ∇·B = 0 అక్కర్లేదు, అది నిజమే. అయితే పని అక్కడితో అయిపోలేదు కదా. E దొరికాక దానికి జోడీగా ఉన్న B ని కూడా రాబట్టాలి. నాలుగో సమీకరణం అక్కడ కాపలా కాస్తుంది. లెక్క చేసే చూద్దాం.

x దిశలో పోయే తరంగం తీసుకో, E మాత్రం y దిశలో:

E = ŷ E₀ cos(kx − ωt)

దీని కర్ల్‌కి z భాగం ఒక్కటే ఉంటుంది, ∂E_y/∂x = −kE₀ sin(kx − ωt). ఫారడే ప్రకారం ∂B_z/∂t = kE₀ sin(kx − ωt). దీన్ని కాలంతో ఇంటిగ్రేట్ చేయి:

B = ẑ (k/ω)E₀ cos(kx − ωt) + C(x, y, z)

చివర ఆ C ని చాలామంది రాయరు. కాలం మీద ఆధారపడకపోతే చాలు, స్థానాన్ని బట్టి అది ఎలాగైనా మారొచ్చు. ఇప్పుడు C గా ఇది పెట్టు: C = a(x, y, z), అంటే మూలబిందువు నుంచి అన్ని వైపులకీ సూటిగా బయటికి చూసే క్షేత్రం, a ఒక స్థిరాంకం. మిగిలిన మూడు సమీకరణాలు దీన్ని పట్టుకుంటాయేమో నువ్వే చూసి చెప్పు.

శ్రావణి_బీఎస్సీ

చేశాను సార్. C కాలంతో మారదు కాబట్టి ఫారడేకి దాంతో పని లేదు. దాని కర్ల్ సున్నా, ఎందుకంటే x భాగంలో x మాత్రమే, y భాగంలో y మాత్రమే ఉన్నాయి. కాబట్టి ఆంపియర్–మాక్స్‌వెల్ కూడా వదిలేస్తుంది. ∇·E లో B లేనే లేదు. మూడూ పాస్! కానీ ∇·C = a + a + a = 3a. ∇·B = 0 ఒక్కటే దాన్ని ఆపుతోంది.

అంటే E మాత్రం ఏ మార్పూ లేకుండా అదే తరంగ సమీకరణాన్ని పాటిస్తోంది, పక్కన B లో మాత్రం ఉండకూడనిది చేరి కూర్చుంది. ఇదేనా?

రిటైర్డ్_రీడర్

అదే. తరంగం భాగాన్ని ఆంపియర్–మాక్స్‌వెల్‌లో పెట్టి చూస్తే k² = μ₀ε₀ω² కూడా వస్తుంది, అది వేరే సంగతి. ఒక్కటి గమనించు. C ఏకరీతి క్షేత్రం అయితే, అంటే భూమి అయస్కాంత క్షేత్రం లాంటిది ఒక చిన్న ప్రాంతంలో ఉంటే, నాలుగూ దాన్ని ఒప్పుకుంటాయి. తరంగం దాని పాటికి అది దాని మీదుగా పోతుంది. కాబట్టి C ని "సున్నా అనుకుందాం" అని కొట్టేయడం కంటే, స్థిర క్షేత్రాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు అని చెప్పడం న్యాయం.

తెనాలి_తమ్ముడు

సరే మాస్టారూ, C సంగతి బాగుంది. కానీ నా అసలు మాట మారదు. E కి తరంగ సమీకరణం వచ్చాక మిగతా వాటితో పనేముంది? ఆ సమీకరణాన్ని పాటించే ఏ E అయినా శూన్యంలో కాంతే. B ని తర్వాత తెచ్చుకోవచ్చు, స్థిర క్షేత్రాన్ని పక్కన పెట్టొచ్చు.

మ్యాథ్స్_మంగ

ఇది మాత్రం ఒప్పుకోను. E = x̂ E₀ cos(kx − ωt) తీసుకోండి, పోయే దిశలోనే ఊగే క్షేత్రం. ω = ck అయితే ∇²E = (1/c²)∂²E/∂t² హాయిగా కుదురుతుంది. కానీ ∇·E = −kE₀ sin(kx − ωt), సున్నా కాదు. ఛార్జి లేని చోట ఇది ఉండటానికి వీల్లేదు. తరంగ సమీకరణం పాటించినంత మాత్రాన మాక్స్‌వెల్‌ని పాటించినట్టు కాదు.

శ్రావణి_బీఎస్సీ

అక్కా, ఇక్కడే నాకు కొత్త అనుమానం. డెరివేషన్‌లో ∇·E = 0 వాడాం కదా. వాడిన షరతు ఫలితంలో ఉండాలి కదా? మరి ఫలితం ఆ షరతుని పాటించని E ని ఎలా రానిస్తోంది?

మ్యాథ్స్_మంగ

వాడాక పారేశాం కాబట్టి. నాలుగు సమీకరణాలు నిజమైతే తరంగ సమీకరణం నిజం. తిరగేస్తే అది నిలబడదు. ఐడెంటిటీలో ∇(∇·E) అనే ముక్కని సున్నా చేసి చెరిపేశాక, అది సున్నా అన్న సంగతి మిగిలిన సమీకరణానికి గుర్తుండదు. ఇంకా విచిత్రం ఏమిటంటే, చెరపక ముందు ఉన్న రూపమే మెరుగు. మీ డెరివేషన్‌లో మధ్యలో ఉన్న లైను చూడండి:

∇×(∇×E) = −μ₀ε₀ ∂²E/∂t²

నా x̂ తరంగాన్ని ఇందులో పెట్టండి. E_x కేవలం x తో మారుతోంది కాబట్టి కర్ల్ సున్నా. ఎడమవైపు సున్నా అంటే ∂²E/∂t² సున్నా, అంటే ω = 0. పోయే దిశలో ఊగే తరంగానికి ఈ లైనే తలుపు మూసేసింది, ∇·E = 0 ని అడగకుండానే. మనం తర్వాతి లైనుకి వెళ్ళి ఆ తలుపు మళ్ళీ తెరిచాం.

రిటైర్డ్_రీడర్

చాలా బాగా చెప్పావమ్మా. దానికి కారణం కూడా ఉంది. ఆ మధ్య లైనుకి డైవర్జెన్స్ తీస్తే ∂²(∇·E)/∂t² = 0 వస్తుంది. ∇·E ఊగలేదు. మహా అయితే కదలకుండా ఉంటుంది, లేదా కాలంతో తిన్నగా పెరుగుతుంది. ఆంపియర్–మాక్స్‌వెల్‌ని విడిగా కలుపుకుంటే ఆ పెరిగే అవకాశం కూడా పోతుంది. ఇక మిగిలేది కదలని భాగం. దాన్ని సున్నా చేసేది గాస్.

అందుకే నేను క్లాసులో చివరి లైను పక్కన ఎప్పుడూ "∇·E = 0 తో కలిపి" అని రాయించేవాణ్ణి. పిల్లలు అది రాసుకునేవారు కాదనుకోండి.

తెనాలి_తమ్ముడు

మీరిద్దరూ చెప్పేది గణితంగా సరే. వాస్తవంలో కాంతిని పుట్టించే ఏ మూలమూ ఆ x̂ తరంగాన్ని పుట్టించదు కదా. అలాంటప్పుడు ఈ అదనపు పరిష్కారాల గురించి ఎవరికి పట్టింది?

మ్యాథ్స్_మంగ

కంప్యూటర్ మీద లెక్క వేసేవాళ్ళకి పట్టింది. మూడు భాగాలకీ మూడు విడి తరంగ సమీకరణాలు రాసి వదిలేస్తే, మొదట్లో వేసిన ∇·E లోని పొరపాటు కూడా c వేగంతో తరంగంలా పరుగెడుతుంది. తరంగ సమీకరణానికి డైవర్జెన్స్ తీసి చూడండి, ∇·E కూడా అదే సమీకరణాన్ని పాటిస్తుంది. మొదట దాని విలువ, కాలంతో దాని మార్పు రేటు, రెండూ సున్నాగా పెట్టి, హద్దుల దగ్గర కూడా అది దూరకుండా చూసుకుంటేనే లోపల సున్నాగా ఉంటుంది.

కోక్స్_కుమార్

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను కేబుల్ లైన్ల పని చేస్తాను, ఇంజనీరింగ్ చదివి చాలా ఏళ్ళయింది. కోయాక్సియల్ కేబుల్ లోపలి క్షేత్రం నాకు బాగా తెలుసు. లోపలి తీగకీ బయటి తొడుగుకీ మధ్య E అక్షం నుంచి బయటికి చూస్తుంది, దూరం పెరిగేకొద్దీ 1/ρ లా తగ్గుతుంది, కేబుల్ పొడవునా తరంగంలా పోతుంది:

E = ρ̂ (A/ρ) cos(kz − ωt)

మధ్యలో గాలే ఉందనుకుందాం, శూన్యంతో పెద్ద తేడా ఏమీ లేదు. మీ తరంగ సమీకరణంలో దీన్ని పెట్టాను. సిలిండ్రికల్ లాప్లాసియన్‌లో ρ కి సంబంధించిన భాగం (1/ρ) ∂/∂ρ (ρ ∂/∂ρ). 1/ρ మీద ప్రయోగిస్తే 1/ρ³ మిగులుతోంది. z నుంచి −k² భాగం, కాలం నుంచి −ω²/c² భాగం చక్కగా కొట్టుకుపోతున్నాయి, కానీ ఈ A/ρ³ ని కొట్టేయడానికి ఎదురుగా ఏమీ లేదు. కేబుల్ మాత్రం రోజూ పనిచేస్తూనే ఉంది! తప్పు సమీకరణానిదా, నాదా?

ఎగ్జామ్_వారియర్

అన్నా, కేబుల్లో తీగ ఉంది కదా. తీగలో కరెంటు ఉంటుంది. అంటే J సున్నా కాదు. శూన్యానికి రాసిన సమీకరణం అక్కడ పనికిరాదు.

రిటైర్డ్_రీడర్

కరెంటు తీగ మీద, తొడుగు మీద ఉంది బాబూ. మనం సమీకరణం రాసేది ఆ రెంటి మధ్య ఖాళీలో. అక్కడ ఛార్జి లేదు, కరెంటు లేదు. ఈ సమీకరణాలు ఒక్కో బిందువు దగ్గర చెప్పే మాటలు. పక్కన లోహం ఉంటే దాని ప్రభావం సరిహద్దు షరతుల్లో కనబడుతుంది గానీ ఖాళీలోని సమీకరణాన్ని మార్చదు. అందుకని కుమార్ గారి అనుమానం నిలబడే ఉంది.

మ్యాథ్స్_మంగ

కుమార్ గారూ, క్షేత్రం మీరు రాసింది నూటికి నూరుపాళ్ళు సరైనది. ∇²E లో ఉన్న ∇² మాత్రం మీరు వాడిన లాప్లాసియన్ కాదు. కార్టీజియన్‌లో x̂, ŷ, ẑ దిశలు ఎక్కడికి వెళ్ళినా మారవు, అందుకని వెక్టర్ లాప్లాసియన్ అంటే ఒక్కో భాగానికి మామూలు లాప్లాసియన్, అంతే. సిలిండ్రికల్‌లో ρ̂ దిశ φ తో పాటు తిరుగుతుంది. కేబుల్ చుట్టూ అర చుట్టు వెళ్తే ρ̂ తలకిందులవుతుంది. ఆ తిరగడానికి కూడా డెరివేటివ్ ఉంటుంది. ρ̂ ని φ తో రెండుసార్లు డిఫరెన్షియేట్ చేస్తే −ρ̂ వస్తుంది, లాప్లాసియన్‌లో దాని ముందు 1/ρ² ఉంటుంది. కాబట్టి ρ భాగం ఇలా ఉంటుంది:

(∇²E)_ρ = ∇²E_ρ − E_ρ/ρ² − (2/ρ²) ∂E_φ/∂φ

మీ కేసులో E_φ లేదు. E_ρ/ρ² అంటే A/ρ³ (కొసైన్‌తో కలిపి). మీకు మిగిలిన 1/ρ³ ని ఇది సరిగ్గా కొట్టేస్తుంది.

నమ్మకం కుదరకపోతే శ్రావణి మధ్య లైనుతో చూడండి. అందులో లాప్లాసియనే లేదు కాబట్టి ఈ తిరకాసు ఉండదు. మీ E కి కర్ల్ తీస్తే φ భాగం ఒక్కటే వస్తుంది, ∂E_ρ/∂z = −k(A/ρ) sin(kz − ωt). దానికి మళ్ళీ కర్ల్ తీస్తే ρ భాగం −∂/∂z, అంటే k²(A/ρ) cos(kz − ωt). z భాగం (1/ρ) ∂(ρ × ఏదో/ρ)/∂ρ, అది సున్నా. కుడివైపు μ₀ε₀ω² (A/ρ) cos(kz − ωt). k² = μ₀ε₀ω². అయిపోయింది, 1/ρ³ అన్న మాటే రాలేదు.

కోక్స్_కుమార్

అబ్బ! కాలేజీలో ∇² కి సిలిండ్రికల్ ఫార్ములా ఒకటే బట్టీ పట్టించారు, దేనికి వాడాలో చెప్పలేదు. కర్ల్ దారి బాగుంది. ఇందులో ∇·E కూడా చూశాను, (1/ρ) ∂(ρ·A/ρ)/∂ρ సున్నానే. ఇక్కడ E పోయే దిశకి అడ్డంగా ఉంది కాబట్టి మంగ గారి తలుపు గొడవ రాలేదు.

అయితే ఒక ప్రశ్న. మామూలు గొట్టంలో, అంటే లోపల తీగ లేని వేవ్‌గైడ్‌లో, E కి పోయే దిశలో కూడా భాగం ఉంటుందని చదివాం. TM మోడ్ అంటారు. మరి పోయే దిశలో ఊగే క్షేత్రం కుదరదని పైన అన్నారే?

మ్యాథ్స్_మంగ

పైన కుదరనిది ఏకరీతి సమతల తరంగం, అడ్డదిశలో ఎక్కడా మారనిది. TM మోడ్‌లో E_z అడ్డదిశలో మారుతుంది, దానికి తోడు అడ్డదిశ భాగాలు కూడా ఉంటాయి. ∂E_z/∂z ని అవి సరిచేసి ∇·E ని సున్నా చేస్తాయి. E_z ఉండటం తప్పు కాదు, ∇·E మిగలడం తప్పు.

యూనిట్ల_పిచ్చి

నాకు వేరే అభ్యంతరం ఉంది. అందరూ చివర్లో μ₀ = 4π × 10⁻⁷, ε₀ = 8.854 × 10⁻¹² పెట్టి, లబ్ధం 1.113 × 10⁻¹⁷ అని, c = 2.998 × 10⁸ అని రాసి "చూశారా, కాంతి వేగం వచ్చింది!" అంటారు. ఇందులో మోసం ఉంది. 1983 లో మీటరుని నిర్వచించినప్పుడే c = 299792458 అని ఖాయం చేశారు. ε₀ ని పట్టికలో c నుంచే లెక్కకట్టి వేశారు. మనం పెట్టినదే మనకి తిరిగొస్తోంది. దీన్ని ఋజువు అని ఎలా అంటారు?

తెనాలి_తమ్ముడు

2019 లో SI మారాక μ₀ ఖాయమైన విలువ కాదు కదా, కొలవాల్సిందే. కాబట్టి ఇప్పుడు చుట్టు తిరిగి రావడం పోయింది.

యూనిట్ల_పిచ్చి

పోలేదు బ్రదర్. 2019 మే 20 నుంచి μ₀ ని కొలుస్తున్నారు, నిజమే. కానీ ε₀ ని ఇప్పటికీ 1/(μ₀c²) అనే తీసుకుంటారు. విడివిడిగా రెంటికీ అనిశ్చితి వచ్చింది గానీ లబ్ధం మాత్రం ఇప్పటికీ ఖచ్చితంగా 1/c². పట్టిక చూసి గుణిస్తే c తప్ప ఇంకేమీ రాదు.

రిటైర్డ్_రీడర్

మీరన్నది సరైనదే. ఈనాటి పట్టికతో చేస్తే అది గుణకారం సరిచూసుకోవడమే. అసలు పరీక్ష పట్టికలు లేని రోజుల్లో జరిగింది. 1856 లో వెబర్, కోల్‌రౌష్ అనే ఇద్దరు జర్మన్లు లేడెన్ జాడీలో ఛార్జి నింపి, దాన్ని ముందు విద్యుత్ బలంతో కొలిచారు. తర్వాత అదే ఛార్జిని గాల్వనోమీటర్ గుండా వదిలి అయస్కాంత ప్రభావంతో కొలిచారు. ఆ రెండు కొలతల నిష్పత్తికి వేగం ప్రమాణాలుంటాయి. ఆ ప్రయోగంలో కాంతి ఎక్కడా లేదు. మాక్స్‌వెల్ అందులోంచి తీసుకున్న విలువ సెకనుకి 310740 కిలోమీటర్లు. వెబర్ రాసుకున్న స్థిరాంకం దీనికి √2 రెట్లు ఉండేది, ఆయన నిర్వచనం వేరు.

కాంతి వేగాన్ని విడిగా ఫిజో పళ్ళచక్రంతో కొలిచిన విలువ మాక్స్‌వెల్ చేతిలో 314858 గా ఉంది. ఫూకో 1862 లో అద్దం తిప్పి 298000 తెచ్చాడు. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి పని లేదు, దగ్గరగా వచ్చాయి. వెబర్ విలువ ఇవాళ్టి c కంటే మూడున్నర శాతం పైనే ఎక్కువ. ఆ తేడా ఉండటమే ఆ పోలికలో చుట్టు తిరగడం లేదనడానికి సాక్ష్యం.

యూనిట్ల_పిచ్చి

మూడున్నర శాతం తేడాలో "ఒకటే" అనేయడానికి ధైర్యం కావాలి మాస్టారూ. ఫిజో, ఫూకోల మధ్యే ఐదు శాతం పైన తేడా ఉంది. నేనైతే ఆ రోజుల్లో ఒప్పుకునేవాణ్ణి కాదు.

రిటైర్డ్_రీడర్

ఒప్పుకోనివాళ్ళు అప్పుడూ ఉన్నారు. 1880ల చివర్లో హెర్ట్జ్ తరంగాలని పుట్టించి చూపించేదాకా ఆ వాదన నడిచింది.

శ్రావణి_బీఎస్సీ

నా మొదటి ప్రశ్నలో రెండో సగం మిగిలిపోయింది. ∇·B సున్నా కాని లోకం సంగతి. అయస్కాంత ఏకధ్రువాలు నిజంగా ఉంటే, వాటి కదలికతో అయస్కాంత కరెంటు కూడా ఉంటుంది కదా. అప్పుడు ఫారడే కూడా మారుతుంది. మారితే E తరంగ సమీకరణం నిలుస్తుందా?

మ్యాథ్స్_మంగ

మారుతుంది. SI లో ఒక పద్ధతిలో రాస్తే:

∇×E = −∂B/∂t − μ₀J_m

కర్ల్ తీస్తే తరంగ సమీకరణంలో ∇×J_m ముక్క అదనంగా వస్తుంది. కానీ ఏకధ్రువాలు లేని ఖాళీ చోట J_m = 0, ∇·B = 0, అంతా పాతదే. మామూలు ఛార్జీ ఉన్నచోట కూడా కథ ఇంతే, ∇ρ/ε₀ + μ₀ ∂J/∂t కుడివైపుకి వస్తుంది, ఖాళీ చోట పోతుంది.

తెనాలి_తమ్ముడు

అంటే సర్ పెట్టిన ఆ C = a(x, y, z) ఉదాహరణలో, కదలకుండా కూర్చున్న ఏకధ్రువాలు చోటంతా సమానంగా పరిచి ఉన్నాయన్నమాట. J_m లేదు కాబట్టి E కి వాటి ఊసే తెలియలేదు. అప్పుడు ∇·B = 0 లేకపోయినా E సమీకరణం నిలిచింది. నేను మొదట అన్నదీ అదేగా?

రిటైర్డ్_రీడర్

నువ్వు మొదట అన్నది అది ఫారడే నుంచే వచ్చేస్తుందని. ఇప్పుడు అంటున్నది అది రాకపోయినా పరవాలేదని. రెండూ ఒకటి కావు. రెండోది, E వరకు, ఒప్పుకుంటాను.

కోక్స్_కుమార్

శ్రావణి గారూ, B కి ఇదే లెక్క చేస్తే మీ మధ్య లైను లాంటిది దానికీ వస్తుంది కదా. కేబుల్లో B కి φ భాగం ఒక్కటే, అది కూడా 1/ρ. (∇²B)_φ కి కూడా మంగ గారు చెప్పిన అదనపు ముక్క ఉంటుందనుకుంటా. రాత్రికి డ్యూటీ దిగాక చేసి పెడతాను, ఎవరూ ముందే పెట్టేయకండి.